కిర్రుమనని కుర్చీ

"నా లెటర్ అందుకుని నా మీద కోపం తెచ్చుకునే మనిషి ఇంకా పుట్టలేదక్కా" అన్నాడు చక్కెర ఫోన్‌లో.

ఆ మనిషి పుట్టి అప్పటికి యాభై రెండేళ్ళయింది. సరిగ్గా ఆ మాట పూర్తయ్యే వేళకి తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

చక్కెర అసలు పేరు జీతం స్లిప్పు మీద తప్ప ఎక్కడా ఉండదు. హాస్పిటల్ పర్చేజ్ సెక్షన్‌లో కాదు అని రాయాల్సిన ప్రతి లెటరూ వాడి చేతి మీదుగానే వెళ్తుంది. మంచాలు అమ్మేవాళ్ళు, పరుపులు అమ్మేవాళ్ళు, చేతిగ్లోవ్స్ అమ్మేవాళ్ళు ప్రపోజల్ పంపిస్తారు. నలుగురు పంపిస్తే ఒకరికే ఆర్డరు. మిగిలిన ముగ్గురికీ చక్కెర కలం. వాడు రాసే తీపికి ఆ పేరు పడింది. ఎనిమిదేళ్ళలో మూడొందల నలభై మందికి కాదని చెప్పాననీ, ఒక్కడూ గుమ్మం ఎక్కి గొడవకి రాలేదనీ చెప్పుకునేవాడు. ఒకాయన ఆ లెటర్‌కి ఫ్రేమ్ కట్టించి షాపులో తగిలించాడట. ఇంకొకాయన చదివి, ఆర్డరు వచ్చిందనుకుని అందరికీ స్వీట్లు పంచేసి, రెండోసారి చదివాక కూడా బాధపడలేదట. క్యాంటీన్‌లో చెప్పినప్పుడల్లా ఆ స్వీట్లు ఒక కిలో పెరిగేవి.

ఫోన్‌లో ఉన్నది వాడి సొంత అక్క. అదే హాస్పిటల్లో రెండో అంతస్తుకి హెడ్ నర్సు. తమ్ముడి గొప్పలు వినీ వినీ ఆవిడ చెవి ఎప్పుడో మొద్దుబారింది. "పేషెంట్ పిలుస్తున్నాడురా" అని పెట్టేసింది. పేషెంట్ ఎవరూ పిలవలేదని చక్కెరకి తెలుసు.

వచ్చిన మనిషి టేబుల్ ముందు నిలబడింది. ముతక కాటన్ చొక్కా, మోచేతుల దాకా చిన్నచిన్న కాలిన మచ్చలు, నుదుటి మీద వెల్డింగ్ కళ్ళద్దాలు. తియ్యడం మర్చిపోయిందో, కావాలనే పెట్టుకొచ్చిందో తెలియదు. చేతిలో చక్కెర లెటరు. నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ నాలుగు మడతలు పెట్టిన లెటరు.

"ఇది రాసింది ఎవరు?"

"కూర్చోండమ్మా" అన్నాడు చక్కెర. కాదన్నవాళ్ళని ముందు కూర్చోబెట్టాలి. నిలబడి అరిచినంత తేలిగ్గా కూర్చుని అరవలేరు. అది వాడి సిద్ధాంతం.

ఆవిడ కూర్చుంది. విజిటర్ కుర్చీ కిర్రుమంది. ఆ గదిలో పాత కుర్చీలన్నీ కిర్రుమంటాయి. హాస్పిటల్ కట్టిన రోజు కొన్న కుర్చీలవి. వాటి మీద కూర్చుని తుమ్మితే పక్క వార్డులో పేషెంట్లు లేచి కూర్చునేవాళ్ళు.

"మంచినీళ్ళు తాగుతారా?"

"నీళ్ళు ఇంట్లో తాగొచ్చాను. రాసింది ఎవరు?"

"నేనేనమ్మా. సంతకం మాత్రం మేనేజర్ గారిది."

"అయితే చదువు. నీ రాత నీ నోటితో విందాం."

లెటర్ విప్పి టేబుల్ మీద పరిచింది. చక్కెర టేబుల్ లాంప్ కొంచెం ముందుకు లాక్కున్నాడు. కిటికీ లేని గది కాబట్టి పగలు కూడా ఆ లాంప్ వెలగాల్సిందే. తెల్లటి, కంటికి హాయైన వెలుతురు. గొంతు సవరించుకుని చదివాడు.

"గౌరవనీయులైన వర్క్‌షాప్ యజమాని గారికి. కొత్త ఓపీ బ్లాకుకి రెండొందల నలభై కుర్చీల కోసం మీరు ఎంతో శ్రద్ధతో పంపిన ప్రపోజల్ మా కమిటీని ఎంతగానో ఆకట్టుకుంది. మీ పనితనం మీద మాకున్న గౌరవం మాటల్లో చెప్పలేనిది. అయితే మీ శాంపిల్ కుర్చీ నాణ్యత పరీక్షలో తట్టుకోలేకపోయినందున..."

"ఆపు." ఆవిడ వేలు ఆ లైను మీద పడింది. గోటి చుట్టూ నల్లటి మసి. "గౌరవం మాటల్లో చెప్పలేనిదంట. కుర్చీ విరిగిపోయిందంట. ముందు పూలదండ వేసి తర్వాత చెప్పుతో కొట్టడం ఎక్కడ నేర్చుకున్నావు బాబూ?"

"అలా అనకండమ్మా. భవిష్యత్తులో మీతో పనిచేసే అవకాశం కోసం ఎదురుచూస్తామని కింద రాశాను కదా."

"దేనికి ఎదురుచూస్తావు? విరిగిపోయే కుర్చీలకా?"

ఇరుక్కున్నప్పుడు నవ్వడం చక్కెర అలవాటు. నవ్వాడు. అది తప్పని వెంటనే తెలిసింది.

"నవ్వు బాగుంది. సాయంత్రం నాలుగు గంటల దాకా దాచుకో" అంటూ ఆవిడ సంచిలోంచి ఇంకో కాగితం తీసింది. "కాలేజీ హాస్టల్ వాళ్ళ ఫారం ఇది. నూట పది మంచాలు. ఇవాళ నాలుగింటికి ఆఖరు. నాలుగో పేజీలో ఏమడిగారో చూడు."

చక్కెర చూశాడు. గత రెండేళ్ళలో ఏ సంస్థ అయినా నాణ్యత కారణంగా మీ సరుకును తిరస్కరించిందా, అవునంటే ఆ లెటరు జతచేయండి అని ఉంది.

"అవునని రాస్తే మొదటి వడపోతలోనే నా కాగితం పక్కన పెడతారు. లేదని రాస్తే అబద్ధం. అబద్ధం రాయడం నాకు చేతకాదు, నాకు నీలా చదువు లేదు. పందొమ్మిదేళ్ళ నుంచి ఇనుము అతికిస్తున్నాను. నా అతుకు ఊడిందని ఇంతవరకూ ఎవరూ కాగితం మీద పెట్టలేదు. నువ్వు పెట్టావు. కాబట్టి నాకు ఒకటే కావాలి. ఎక్కడ ఊడిందో చూపించు. చూపిస్తే నోరు మూసుకుని పోతాను. చూపించలేకపోతే నాలుగు లోపు ఈ మాట వెనక్కి తీసుకుంటూ లెటర్ ఇస్తావు."

చక్కెర వీపుని కుర్చీకి ఇంకొంచెం ఆనించాడు.

నిజానికి కమిటీ ఆవిడ కుర్చీని విరిగిందని అనలేదు. నలుగురు పంపిన శాంపిల్ కుర్చీలనూ రెండో అంతస్తు నర్సుల దగ్గర పదిహేను రోజులు వాడించి చూశారు. ఆవిడ కుర్చీకే అందరికంటే ఎక్కువ మార్కులు. కమిటీ కాదన్నది వేరే కారణానికి. అయితే ఆ కారణం రాస్తే రూలు ప్రకారం శాంపిల్‌ను పదిహేను రోజుల్లో తిరిగి పంపాలి. పరీక్షలో విరిగిపోయిన శాంపిల్ అయితే పంపక్కర్లేదు, స్క్రాప్‌లోకి పోతుంది. ఈ రెండు రూళ్ళ మధ్య ఉన్న సన్నటి సందులోంచి ఆ కుర్చీ జారి ఎక్కడికి పోయిందో హాస్పిటల్ మొత్తమ్మీద ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ ఇప్పుడు దాని మీదే కూర్చుని ఉన్నాడు.

వెనక వీపుపట్టీ కనబడకుండా తువ్వాలు కప్పి ఉంది. కాళ్ళు టేబుల్ కింద ఉన్నాయి. కదలకపోతే చాలు.

"టెస్టు చాలా గట్టిదమ్మా" అని మొదలుపెట్టాడు. అబద్ధం చెప్పేటప్పుడు చక్కెర మొహం రాతిబొమ్మలా ఉంటుంది, అదొక్కటే వాడికి దేవుడిచ్చిన వరం. "ముందు రెండొందల కిలోల ఇసుక బస్తాలు వేశారు. తట్టుకుంది. తర్వాత ముగ్గురు వార్డు బాయ్‌లు ఒకేసారి కూర్చున్నారు. తట్టుకుంది. ఆ తర్వాత జనరేటర్ ఎత్తి పెట్టారు."

"జనరేటర్."

"చిన్నదే."

"కుర్చీ మీద."

"ఓపీకి ఎలాంటి పేషెంట్లు వస్తారో మనకి తెలియదు కదమ్మా."

ఆవిడ కన్నార్పకుండా చూసింది. "ఏ కాలు విరిగింది?"

"వెనక కాలు."

"ఎడమా, కుడా?"

"కూర్చున్నవాడి వైపు నుంచా, ఎదుటివాడి వైపు నుంచా?"

"బాబూ, నాతో ఆడకు. అతుకు దగ్గర ఊడిందా, గొట్టం వంగిందా?"

"అతుకు దగ్గరే."

"అతుకు దగ్గర ఊడాలంటే ముందు గొట్టం చిరగాలి. నా అతుకు గొట్టం కంటే గట్టిది. ఈ ముక్క అప్రెంటిస్ పిల్లాడికి కూడా తెలుసు. ఏదీ, స్క్రాప్ ఎక్కడుంది? పద."

"స్క్రాప్ లారీ వెళ్ళిపోయిందమ్మా."

"ఎప్పుడు?"

"పొద్దున్నే."

"స్క్రాప్ లారీ నెలాఖరుకి వస్తుందని గేటు దగ్గర బోర్డు పెట్టారు. ఇవాళ తారీకు పన్నెండు."

ఈసారి చక్కెరే మంచినీళ్ళు తాగాడు. గ్లాసు పెట్టి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, గొడవెందుకు. మేనేజర్ గారు మీటింగులో ఉన్నారు. వచ్చేలోపు మనిద్దరం ఒక మాట అనుకుందాం. రెండొందల నలభైలో ఓ అరవై మీకు వచ్చేలా నేను ఫైలు కదుపుతాను. ఈ లెటర్ చింపేయండి."

ఆవిడ లెటర్ వైపు చూసింది. తన తీపి పనిచేసిందని చక్కెర ఒక్క క్షణం సంబరపడ్డాడు.

"నా కుర్చీ విరిగిందన్నావు. ఇప్పుడు విరిగే కుర్చీలు అరవై కొంటానంటున్నావు. రోగుల్ని పడేసి వ్యాపారం పెంచుకుందామనా? అంటే విరగలేదన్నమాట. తప్పు నీదే అన్నమాట."

"ఎవరిది తప్పు?" అంది గుమ్మంలోంచి ఇంకో గొంతు.

పర్చేజ్ మేనేజర్ మేడమ్. సన్నటి మనిషి, రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. గొంతు ఎప్పుడూ పెంచదు. పెంచాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. వచ్చి తన కుర్చీలో కూర్చుంది. అదీ కిర్రుమంది.

వెల్డింగ్ ఆవిడ లెటర్‌ను అటు జరిపింది. ఏం జరిగిందో నాలుగు ముక్కల్లో చెప్పింది. జనరేటర్ సంగతి కూడా వదల్లేదు. అరవై కుర్చీల సంగతి చివరికి ఉంచుకుని, దాన్ని మాత్రం నెమ్మదిగా చెప్పింది. మేనేజర్ లెటర్ చదివింది. కింద సంతకం చూసుకుంది. ఆ సంతకం తనదేనని ఒప్పుకోవడానికి ఇష్టంలేనట్టు ఇంకోసారి చూసింది.

"చక్కెరా, ఫైలు ఇవ్వు."

ఫైలు వాడి వెనక అల్మరాలో ఉంది. తియ్యాలంటే లేవాలి.

"మేడమ్, ఫైలు స్టోర్స్‌కి..."

"నీ వెనకాలే ఉంది. నీలం రంగుది. ఇక్కడికి కనబడుతోంది."

చక్కెర లేవలేదు. నడుము తిప్పి, చెయ్యి వెనక్కి చాపి, పక్కటెముకలు ఎక్కడున్నాయో మొదటిసారి తెలుసుకుంటూ ఫైలు అందుకున్నాడు. సర్కస్‌లో అయితే చప్పట్లు పడేవి. ఇక్కడ చప్పుడే లేదు.

ఆ చప్పుడు లేకపోవడమే కొంప ముంచింది.

వెల్డింగ్ ఆవిడ తల పక్కకి వాల్చింది. ఇంజను దగ్గర మెకానిక్ చెవి పెట్టినట్టు. తను కొంచెం కదిలింది, కుర్చీ కిర్రుమంది. మేనేజర్ ఫైలు అందుకోవడానికి వంగింది, ఆవిడ కుర్చీ కిర్రుమంది. వెల్డింగ్ ఆవిడ చక్కెర వైపు తిరిగింది.

"బాబూ, ఓసారి అటూ ఇటూ ఊగు."

"ఎందుకమ్మా?"

"ఊగు."

"నాకు నడుము నొప్పమ్మా. డాక్టర్ ఊగొద్దన్నారు."

"ఇప్పుడే నడుము మెలితిప్పి ఫైలు తీశావు. ఈ గదిలో మూడు కుర్చీలున్నాయి. రెండు ఏడుస్తున్నాయి. నీది నోరెత్తడం లేదు. అంత మెలిక తిరిగినా మూలగలేదు." గొంతులో వేడి తగ్గింది. అది ఇంకా భయంగా ఉంది. "అలాంటి కుర్చీ చుట్టుపక్కల చేసేది నేనొక్కదాన్నే. లే."

చక్కెర మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ ఫైల్లో కమిటీ నిర్ణయం రాసిన నోట్ షీట్ చదువుతోంది. తల ఎత్తకుండానే "లే" అంది.

సరిగ్గా అప్పుడే అక్క వచ్చింది. మందులు కావాలని రాసిన ఇండెంట్ చేతిలో పట్టుకుని, లోపల ఏం నడుస్తోందో తెలియక, గుమ్మంలోంచే మొదలుపెట్టింది.

"ఒరేయ్ తమ్ముడూ, తిరిగిచ్చెయ్యాలని చెప్పి మా నర్సుల స్టేషన్ నుంచి పట్టుకెళ్ళిన ఆ మంచి కుర్చీ వాళ్ళకి ఇచ్చేశావా? మా పిల్లలు రోజూ అడుగుతున్నారు. నైట్ డ్యూటీకి దాని కోసం చీట్లు వేసుకునేవాళ్ళు రా. మళ్ళీ అలాంటిదే..." అప్పటికి చక్కెర సగం లేచి ఉన్నాడు. తువ్వాలు జారి కింద పడింది. అక్క కళ్ళు కుర్చీ మీద పడ్డాయి. "ఇదే కదరా."

వెల్డింగ్ ఆవిడ లేచి వచ్చి, కుర్చీని ఒంటిచేత్తో తలకిందులు చేసింది. సీటు అడుగున మూడు వెల్డింగ్ చుక్కలు వరసగా, మిరియపు గింజల్లా.

"శాంపిల్స్ మీద నేను పెట్టుకునే గుర్తు. ఇది విరిగిన కుర్చీ. చూడండి మేడమ్, ఎంత బాగా విరిగిందో."

నాలుగు కాళ్ళనూ ఒక్కొక్కటే గుంజి చూసింది. ఒక్కటీ కదల్లేదు. నేల మీద నిలబెట్టి పక్కన నిలబడింది, పిల్లాడిని స్కూలు నుంచి తీసుకెళ్ళడానికి వచ్చిన తల్లిలా.

"చెప్పు" అంది మేనేజర్.

చక్కెరకి నోట్లో చాలా మాటలు తయారుగా ఉన్నాయి. ఇది వేరే కుర్చీ అనొచ్చు. లేదా భద్రత కోసం తనే స్వయంగా కూర్చుని పరీక్షిస్తున్నాననొచ్చు. అక్క మొహం చూశాడు. అక్క తల అడ్డంగా ఊపింది. చిన్నప్పుడు మామిడికాయలు దొంగిలించి దొరికిపోయినప్పుడు కూడా అలాగే ఊపేది, ఇక చాలు అన్నట్టు.

"నా పాత కుర్చీ ఎడమకి ఒరిగిపోయేది మేడమ్. ఎనిమిదేళ్ళు గోడని చూస్తూ పనిచేశాను. అక్క వాళ్ళ స్టేషన్‌లో ఓ రోజు దీని మీద కూర్చున్నాను. మళ్ళీ లేవబుద్ధి కాలేదు. మామూలుగా రాస్తే తిరిగి పంపాలి. అందుకని ఒక్క లైను మార్చాను."

"ఒక్క లైను" అంది వెల్డింగ్ ఆవిడ. "నీ నడుముకి సుఖం కావాల్సి వచ్చింది. దానికి పోయింది నా పందొమ్మిదేళ్ళ పేరు."

అక్క వాడి వైపు చూడకుండా అంది. "అమ్మకి తెలిస్తే ఏమంటుందో అని కూడా అనిపించలేదట్రా? సిగ్గులేనివాడా."

మేనేజర్ నోట్ షీట్ మీద వేలు పెట్టింది. "కమిటీ రాసింది ఇక్కడుంది. లెటర్ మీద సంతకం పెట్టేముందు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాల్సింది నేను. వీడి రాత మీద నమ్మకంతో చూడలేదు. ఆ తప్పు నాది." తర్వాత వెల్డింగ్ ఆవిడ వైపు తిరిగింది. "మీకు ఇవాళ లెటర్ ఇస్తాం. నాణ్యత మాట తప్పని, వెనక్కి తీసుకుంటున్నామని ఉంటుంది."

"లెటర్ సరే. కుర్చీ మంచిదని తేలింది కదా. ఆర్డరు సంగతేంటి?"

ఈ క్షణంలో ఆవిడ ఏమడిగినా ఇచ్చేసి, ఈ గది దాటించేస్తే చాలని చక్కెరకి అనిపించింది. రెండొందల నలభై కాదు, తన టేబుల్, అల్మరా, వీలైతే అక్కని కూడా ఇచ్చేసేవాడు.

"ఆర్డరు రాదు" అంది మేనేజర్.

"తప్పు మీవాడు చేస్తే?"

"వాడి తప్పుకి వాడి మీద చర్య ఉంటుంది. దానికి బదులుగా మీకు ఆర్డరిస్తే అది ఇంకో తప్పు. కారణం వాడే చెప్తాడు. చక్కెరా, చక్కెర లేకుండా చెప్పు."

చక్కెర నిలబడే ఉన్నాడు. కూర్చోడానికి తనకంటూ కుర్చీ లేదు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి, ఎదుటి మనిషి మొహంలోకి చూస్తూ కాదని చెప్పాల్సి వచ్చింది.

"మాకు రెండొందల నలభై కుర్చీలు నలభై అయిదు రోజుల్లో కావాలమ్మా. ఆ రోజు ఓపీ బ్లాకు తెరుస్తున్నారు. మీ ఫారంలో వారానికి ఇరవై చేస్తామని మీరే రాశారు. ఆ లెక్కన నలభై అయిదు రోజులకి నూట ముప్పై దాటవు. మిగిలిన నూట పది మంది రోగులు నిలబడాలి. కారణం అదొక్కటే."

"ఇంకో నలుగుర్ని పెట్టుకుని చేసేదాన్ని."

"పెట్టుకుంటానని ఫారంలో లేదమ్మా. ఉన్న మనుషులు, ఉన్న మిషన్లు ఇవే అని ఉంది. కమిటీ కాగితం మీద ఉన్నదాన్నే చూడాలి. నలుగురికీ అదే కొలత."

"ఆర్డరు ఎవరికిచ్చారు? ఎంతకిచ్చారు?"

"అది చెప్పకూడదమ్మా. మీ రేటు వాళ్ళకి కూడా చెప్పలేదు."

"సగం నాకు, సగం వాళ్ళకి ఇవ్వొచ్చుగా?"

చక్కెర మేనేజర్ వైపు చూడలేదు. "ఒకే చోట ఒకే రకం ఉండాలని మొదటి కాగితంలోనే రాశాం. రిపేరు వస్తే ఒకరే బాధ్యత తీసుకోవాలని. ఇందాక అరవై అన్నది నా భయం కొద్దీ అన్నమాట. దానికి విలువ లేదు. కాదు అంటే కాదేనమ్మా."

ఆవిడ చాలాసేపు వాడి మొహం చూసింది. "ఇందాకటి లెటర్ కంటే ఈ నోరే నయం" అంది. మెచ్చుకోలు కాదది. కత్తి పదును చూసి చెప్పిన మాట. "రాయి. నా ముందే రాయి."

చక్కెర కుర్చీ కోసం చెయ్యి చాపాడు. ఆవిడ కుర్చీని వెనక్కి లాక్కుంది. నిలబడి, టేబుల్ మీదకి వంగి, లాంప్ వెలుతుర్లో రాయడం మొదలుపెట్టాడు. అలవాటు కొద్దీ మొదటి లైను చదివి వినిపించాడు.

"ఎంతో చింతిస్తూ తెలియజేయునది..."

"నువ్వు చింతించలేదు. కొట్టెయ్."

కొట్టేశాడు.

"మీ అపారమైన అనుభవం..."

"పందొమ్మిదేళ్ళు అని రాయి. అపారం అంటే ఎవరికీ లెక్క తెలియదు."

ఇలా ఒక్కో మాటా రాలిపోయి చివరికి లెటర్ అరపేజీకి వచ్చింది. రాసిన లెటర్లన్నిట్లోకీ చిన్నది అదే. మేనేజర్ నోట్ షీట్ పక్కన పెట్టుకుని, లైను లైనుకీ వేలు పెట్టి సరిచూసి, బయటికి చదివింది.

"మీ ప్రపోజల్‌ను ఈ ఆర్డరుకు తీసుకోలేకపోతున్నాం. కారణం, గడువులోపు కావలసిన సంఖ్య మీరు తెలిపిన ఉత్పత్తి సామర్థ్యానికి మించి ఉండడం. మీ శాంపిల్ కుర్చీ వాడకం పరీక్షలో అన్ని అంశాల్లోనూ నెగ్గింది. ఇంతకుముందు పంపిన లెటర్‌లో నాణ్యత గురించి రాసినది మా కార్యాలయం పొరపాటు. దాన్ని రద్దు చేస్తున్నాం. మీ పేరు మా సప్లయర్ల జాబితాలో కొనసాగుతుంది. వార్డులకు చిన్న మొత్తాల్లో కుర్చీలు కొనేటప్పుడు మీకు కూడా రేటు అడుగుతూ ఎంక్వైరీ పంపుతాం. ఆర్డరు ఇస్తామని ఇది హామీ కాదు. శాంపిల్‌ను ఈ లెటర్‌తో పాటు తిరిగి అప్పగిస్తున్నాం."

"ఆ ఎంక్వైరీ ఎప్పుడు?" అంది ఆవిడ.

"తేదీ ఖాయం కాలేదు. తెలియని తేదీ రాస్తే అది మళ్ళీ చక్కెరే అవుతుంది" అంది మేనేజర్. సంతకం పెట్టి, సీలు వేసింది. "ఈలోపు మనుషుల్ని పెంచుకుంటే ఫారంలో రాయండి. మీ మనసులో ఉంచుకుంటే మాకు కనబడదు."

ఆవిడ లెటర్ తీసుకుని రెండుసార్లు చదివింది. ఈసారి ఒక్క మడతే పెట్టింది. గోడ గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. హాస్టల్ ఫారం నాలుగో పేజీ తీసి, అక్కడే నిలబడి 'లేదు' అని రాసింది. అక్షరం అచ్చు అతుకులా గట్టిగా పడింది. తర్వాత కుర్చీని భుజానికెత్తుకుంది. చక్కెర తలుపు తియ్యబోయాడు.

"దూరంగా ఉండు. మళ్ళీ కూర్చుంటావేమో."

"ఎంక్వైరీ వస్తే ప్రపోజల్ పంపుతారు కదమ్మా?"

"పంపుతాను. ఆ నర్సు పిల్లల కోసం పంపుతాను. నీ మొహం చూసి కాదు. ఈసారి శాంపిల్‌తో పాటు నేనూ వచ్చి పక్కనే కూర్చుంటాను, పదిహేను రోజులూ."

కుర్చీ కాలు గుమ్మానికి టకీమని తగిలింది. గుమ్మం పెచ్చు ఊడింది, కుర్చీకి ఏమీ కాలేదు. ఆవిడ వెనక్కి తిరిగి ఆ పెచ్చు చూసి, "జనరేటర్" అనేసి వెళ్ళిపోయింది.

అక్క ఇండెంట్ కాగితం టేబుల్ మీద పెట్టింది. "అమ్మకి నేను చెప్పను. ఆదివారం నువ్వే చెప్పు" అని తనూ వెళ్ళింది.

గదిలో ఇద్దరే మిగిలారు. మేనేజర్ ఒక తెల్లకాగితం వాడి ముందుకి తోసింది. "ఏం చేశావో అంతా రాసి సంతకం పెట్టు. పైకి పంపాలి. విశేషణాలు వద్దు."

చక్కెర నిలబడే రాశాడు. కుర్చీ గురించి రాశాడు. మార్చిన లైను గురించి, అక్కతో చెప్పిన అబద్ధం గురించి, అరవై గురించి, జనరేటర్ గురించి కూడా రాశాడు. కింద సంతకం పెట్టబోతుంటే మేనేజర్ అంది.

"ఇంతేనా?"

"అంతే మేడమ్."

"మూడొందల నలభై లెటర్లలో ఇదొక్కటేనా?"

"ఒక్కటే మేడమ్. ఒట్టు."

మేనేజర్ కళ్ళు వాడి మొహం మీద నుంచి నెమ్మదిగా కిందికి దిగాయి. కాగితం మీదకి, కాగితం మీద పడుతున్న తెల్లటి, కంటికి హాయైన వెలుతురు మీదకి, ఆ వెలుతురు వస్తున్న చోటికి.

"పోయిన ఏడాది లాంపుల వాళ్ళకి కాదని రాశాం కదా. శాంపిల్ మొదటి రోజే కాలిపోయిందని రాసినట్టు గుర్తు."

చక్కెర చెయ్యి చాపి లాంప్ ఆర్పాడు. గది మసకబారింది. ఆర్పినా అది అక్కడే ఉంది.

"వెలుగుతూనే ఉంది మేడమ్, ఇన్నాళ్ళూ" అన్నాడు. మళ్ళీ లాంప్ వేసి, సంతకం పెట్టకుండా కాగితం వెనక్కి తిప్పి, రెండో వైపు రాయడం మొదలుపెట్టాడు. "గోడ గడియారం కూడా."